గులాబీ రంగు పోయాక మిగిలేది

పర్మాంగనేట్ టైట్రేషన్ చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడి చేసిన ఆక్జాలిక్ ఆమ్లంలోకి బ్యూరెట్ నుంచి ముదురు ఊదా ద్రావణం చుక్కలుగా పడుతుంది, పడ్డ చుక్క రంగు కోల్పోతుంది. మాంగనీసు ఎక్కడికీ పోలేదు, ఫ్లాస్కులోనే Mn²⁺ అయాన్‌గా ఉంది. మరి రంగు ఏమైంది?

పరివర్తన లోహాల అయాన్లకు రంగు జతకూడని ఎలక్ట్రాన్ల వల్లే వస్తుందని చాలామంది వల్లెవేస్తారు. ఆ మాటను మాంగనీసు దగ్గర పరీక్షించి చూడాలి.

మాంగనీసు పరమాణువు చివరి అమరిక 3d⁵ 4s². అయాన్‌గా మారేటప్పుడు ముందు పోయేవి 4s లోని రెండు ఎలక్ట్రాన్లు. మిగిలిన అయిదూ అయిదు d ఆర్బిటాళ్లలో ఒక్కొక్కటిగా, అన్నీ ఒకే స్పిన్‌తో ఉంటాయి. చుట్టూ ఉన్న నీటి అణువుల ప్రభావం బలహీనం కాబట్టి అవి జతకట్టవు. స్పిన్ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే అయస్కాంత భ్రామకం μ = √[n(n+2)]. ఇక్కడ n జతకూడని ఎలక్ట్రాన్ల సంఖ్య. n = 5 అయితే √35, అంటే 5.92 బోర్ మాగ్నటాన్లు. d ఎలక్ట్రాన్లతో ఇంతకు మించిన విలువ రాదు. అయినా ఆ ద్రావణం దాదాపు నీళ్లలాగే కనిపిస్తుంది.

కారణం స్పిన్‌లోనే ఉంది. d ఎలక్ట్రాన్ కాంతిని పీల్చుకుని మరో d ఆర్బిటాల్‌లోకి దూకాలి. Mn²⁺లో ప్రతి ఆర్బిటాల్‌లోనూ అదే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ ముందే ఉంది. స్పిన్ తిప్పుకుంటే తప్ప చోటు లేదు, అలాంటి దూకుడు చాలా అరుదు. గాఢమైన ద్రావణంలో మాత్రమే లేత గులాబీ ఛాయ కనబడుతుంది. మైలుతుత్తంలోని Cu²⁺కి జతకూడని ఎలక్ట్రాన్ ఒక్కటే, భ్రామకం 1.73. అయినా దాని తొమ్మిది d ఎలక్ట్రాన్లకు పైస్థాయిలో ఒక ఖాళీ ఉంది. స్పిన్ మారకుండానే దూకవచ్చు. ఎరుపు వైపు కాంతి పోయి నీలం మిగులుతుంది.

పర్మాంగనేట్‌ది ఇంకా విచిత్రం. అందులోని మాంగనీసుకు d ఎలక్ట్రాన్లే లేవు, సూత్రం ప్రకారం భ్రామకం సున్నా. ఆ గాఢమైన ఊదా రంగు ఆక్సిజన్ నుంచి మాంగనీసులోకి ఎలక్ట్రాన్ దూకడం వల్ల వస్తుంది. అంటే రంగు చూసి ఎలక్ట్రాన్లు లెక్కపెట్టలేం. లెక్కపెట్టేది గోయ్ త్రాసు: పదార్థాన్ని అయస్కాంత ధ్రువాల మధ్య వేలాడదీస్తే జతకూడని ఎలక్ట్రాన్లు ఉన్న నమూనా లోపలికి లాగబడి బరువు పెరిగినట్టు చూపుతుంది.

త్రాసు చెప్పే అంకెనూ చూసి వాడాలి. గులాబీ రంగు Co²⁺ అయాన్‌కు సూత్రం 3.87 అంటుంది, కొలిస్తే 4.8 దరిదాపుల్లో వస్తుంది. ఎలక్ట్రాన్ల కక్ష్యా చలనం కూడా అందులో కలవడమే కారణం. అంకె ఒక్కటే చూస్తే, 4.90 దగ్గరగా ఉంది కదా అని నాలుగు జతకూడని ఎలక్ట్రాన్లు అనుకుంటాం. కానీ Co²⁺లో d ఎలక్ట్రాన్లు ఏడు. బేసి సంఖ్యలోంచి జతలు తీసేస్తే నాలుగు ఎప్పటికీ మిగలవు, అవి మూడే.