‘రక్తంలనే ఉంటది’ అంటారు గదా, డెన్మార్క్ లెక్క ఏమంటుందో చూద్దాం

దొంగబుద్ధి తండ్రి నుంచి కొడుక్కి వస్తుందా అన్న ఎపిసోడ్‌లో కొన్ని అంకెలు గబగబా చెప్పి వెళ్ళిపోయాను. చెవితో వింటే అంకెలు నిలవవు. అందుకే ఇక్కడ నెమ్మదిగా రాస్తున్నా.

ఈ విషయం మీదికి నా మనసు ఎందుకు పోయిందో ముందు చెప్తా. కొన్నేళ్ళ కింద మా క్యాంపులో ఎనిమిది మంది ఉండే రూంలో ఒక ఫోన్ పోయింది. సాయంత్రం అయ్యేసరికి అందరి వేళ్ళూ ఒకే పిల్లగాని వైపు తిరిగాయి. కారణం ఒక్కటే. వాళ్ళ ఊరి పక్క ఊరాయన ఒకడు, “వాని నాయిన దొంగతనం కేసుల జైలుకు పోయొచ్చిండు. రక్తంలనే ఉంటది గదా” అన్నాడు. ఇంకో సాక్ష్యం లేదు. ఆ పిల్లగాడు నా దగ్గరికొచ్చి, “అన్నా, మా నాయిన జేసింది నాకెందుకు అంటగడ్తున్నరు?” అని అడిగాడు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత చదివితే తెలిసింది, ఇదే ప్రశ్న మీద పెద్ద పెద్ద డాక్టర్లు ఏళ్ళ తరబడి పనిచేశారని.

మొదట కవలల లెక్క

కవలలు రెండు రకాలు. ఒకే అండం రెండుగా చీలి పుట్టినవాళ్ళు అచ్చు ఒకే పోలికతో ఉంటారు, వాళ్ళ జన్యువులు దాదాపు ఒకటే. రెండు వేరే అండాల నుంచి పుట్టినవాళ్ళు మామూలు అన్నదమ్ముల్లాంటివాళ్ళే. కలిసి పుట్టారు, అంతే. దీన్ని బట్టి శాస్త్రవేత్తలు ఒక ఉపాయం పట్టారు. ఒకడికి శిక్ష పడితే, రెండోవాడికి కూడా పడిందా అని రెండు రకాల జంటల్లోనూ చూడాలి. అచ్చు ఒకేలా ఉండే కవలల్లో ఇద్దరికీ పడడం ఎక్కువగా ఉంటే, జన్యువుల పాత్ర ఉన్నట్టు.

1929లో జర్మనీలో యోహానెస్ లాంగె అనే మానసిక వైద్యుడు ఈ లెక్క తీశాడు. ఒకే అండం కవలలు 13 జంటల్లో 10 జంటల్లో ఇద్దరూ నేరస్థులే అన్నాడు. రెండో రకం 17 జంటల్లో మాత్రం 2 జంటలే. తన పుస్తకానికి ‘నేరమే తలరాత’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. చదివినవాళ్ళకు ఇక తిరుగులేదనిపించింది.

అయితే అన్నీ కలిపి 30 జంటలే. పైగా జైళ్ళ చుట్టూ వెతికి పట్టుకున్న జంటలు. అలా వెతికితే ఇద్దరూ లోపల ఉన్న కవలలే త్వరగా కంటబడతారు. ఒకడు జైల్లో, ఇంకొకడు ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడంటే ఆ రెండోవాడి సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఈ లోపం పోవాలంటే వెతకడం మానేసి, పుట్టిన కవలలందరి జాబితా తీసుకోవాలి. డెన్మార్క్‌లో క్రిస్టియాన్సెన్ అనే ఆయన అదే చేశాడు. అక్కడ పుట్టుకల రికార్డులూ కోర్టు రికార్డులూ చక్కగా ఉంటాయి. 1881 నుంచి 1910 దాకా పుట్టిన 3,586 కవల జంటలను తీసుకుని, 1977లో ఫలితం ప్రచురించాడు. మగవాళ్ళ విషయంలో, ఒకే అండం కవలల్లో ఇద్దరికీ శిక్ష పడినది సుమారు 35 శాతం. రెండో రకంలో సుమారు 13 శాతం.

తేడా ఉంది, కాదనలేం. కానీ 35ను తిరగేసి చూడండి. అచ్చు ఒకే జన్యువులు, ఒకే తల్లి కడుపు, ఒకే ఇల్లు. అయినా ఒకడికి శిక్ష పడితే, వందలో 65 జంటల్లో రెండోవాడికి పడలేదు. జన్యువే తలరాత అయితే ఇది వందకు దగ్గరగా ఉండాలి.

ఆ తేడా మొత్తం జన్యువుల వల్లేనా అన్నది ఇంకో ప్రశ్న. ఒకేలా ఉండే కవలలకు ఒకే బట్టలు వేస్తారు, ఒకే బడికి పంపుతారు, స్నేహితులూ ఒకరే. చెడిపోతే ఇద్దరూ కలిసే చెడిపోతారు. 1976లో నార్వేలో డాల్గార్డ్, క్రింగ్లెన్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. వాళ్ళ దగ్గర రెండు రకాల కవలల మధ్య తేడా అంతగా రాలేదు. ఒకరితో ఒకరు ఎంత దగ్గరగా పెరిగారో లెక్కలోకి తీసుకుంటే, ఉన్న ఆ కాస్త తేడా కూడా దాదాపు పోయింది.

తర్వాత దత్తత పిల్లల లెక్క

కవలలు కలిసి పెరుగుతారు కాబట్టి రక్తాన్నీ పెంపకాన్నీ విడదీయలేం. దత్తతలో అవి వేరవుతాయి. రక్తం ఒకరిది, పెంపకం ఇంకొకరిది. 1984లో సర్నాఫ్ మెడ్నిక్ బృందం సైన్స్ పత్రికలో వేసిన అధ్యయనం ఈ రకంలో అన్నిటికంటే పేరు పొందింది. డెన్మార్క్‌లో 1924 నుంచి 1947 దాకా జరిగిన 14,427 దత్తతలు తీసుకున్నారు. బంధువులు పెంచుకున్న పిల్లలను వదిలేశారు. మగపిల్లలను నాలుగు గుంపులు చేసి, ఎంతమందికి కోర్టులో శిక్ష పడిందో చూశారు.

కన్నవాళ్ళకూ పెంచినవాళ్ళకూ ఎవరికీ శిక్ష పడని గుంపులో, కొడుకుల్లో 13.5 శాతం మందికి శిక్ష పడింది. పెంచినవాళ్ళకు మాత్రమే పడిన గుంపులో 14.7 శాతం. కన్నవాళ్ళకు మాత్రమే పడిన గుంపులో 20 శాతం. ఇద్దరికీ పడిన గుంపులో 24.5 శాతం.

మన క్యాంపు మాట సంగతి ఈ మూడో గుంపులోనే ఉంది. కన్న తండ్రో తల్లో నేరం చేశారు, పిల్లవాణ్ణి వేరే మంచివాళ్ళు పెంచారు. అలాంటివాళ్ళు వందమంది ఉంటే 20 మందికి శిక్ష పడింది, 80 మందికి పడలేదు. కన్నవాళ్ళ మీద ఏ మచ్చా లేని గుంపులో కూడా వందలో 13, 14 మందికి పడింది. అంటే రక్తం వల్ల అనుకోగలిగింది వందకు ఆరేడు మంది తేడా. ఆ తేడా నిజమైనదే, లేదని నేను అనను. కానీ దాన్ని పట్టుకుని ఒక మనిషిని చూపించి “వీడే” అంటే, ఐదుసార్లలో నాలుగుసార్లు మీరు తప్పే.

ఇంకో సంగతి. ఈ సంబంధం కనిపించింది దొంగతనం లాంటి ఆస్తి నేరాల్లోనే. కొట్టడం, చంపడం లాంటి నేరాల్లో కన్నవాళ్ళకూ కొడుకులకూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ‘హంతకుడి రక్తం’ అనే మాటకు ఈ అధ్యయనంలో ఆధారం లేదు.

మిగిలిన ఆరేడు మంది మీద కూడా విమర్శలున్నాయి. పిల్లలందరూ పుట్టగానే కొత్త ఇంటికి పోలేదు. చాలామంది కొన్ని నెలలు, కొందరు రెండేళ్ళకు పైగా వేరేచోట ఉండి తర్వాత చేరారు. తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి, తాగుడు ప్రభావం కూడా జన్యువు ఖాతాలోనే పడిపోతుంది. దత్తత ఇచ్చే సంస్థలు పిల్లవాడి కుటుంబ స్థాయికి తగ్గ ఇల్లు వెతికేవి కాబట్టి, రక్తమూ పెంపకమూ అనుకున్నంత శుభ్రంగా వేరు పడలేదు. పైగా ఇళ్ళను ముందే వడపోసి ఇచ్చేవాళ్ళు కాబట్టి మరీ చెడ్డ ఇళ్ళు లెక్కలోకే రాలేదు. దాంతో పెంపకం ప్రభావం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

శాతం అంటే ఏమిటి?

నేరప్రవృత్తిలో 40, 50 శాతం వారసత్వం అని వార్తల్లో చదివి ఉంటారు. ఇది విని, ఒక దొంగలో సగం తండ్రి నుంచి వచ్చింది, సగం తను నేర్చుకున్నది అనుకుంటాం. అర్థం అది కాదు.

సైట్‌లో పనిచేసేవాళ్ళకు క్యూబ్ టెస్ట్ తెలుసు. పోత రోజు క్యూబులు తీసి, 28 రోజులు నీళ్ళ ట్యాంకులో ఉంచి, మెషిన్లో నొక్కి చూస్తాం. రకరకాల మిక్సుల క్యూబులన్నీ ఒకే ట్యాంకులో ఉంచితే, వాటి బలంలో తేడాలు దాదాపు అన్నీ మిక్స్ వల్లే. ఇప్పుడు అవే మిక్సుల క్యూబులు సగం తీసి, నీళ్ళు లేకుండా జూలై ఎండలో పెట్టండి. ఈసారి తేడాల్లో పెద్ద వాటా క్యూరింగ్‌ది అవుతుంది. మిక్సులేమీ మారలేదు, కానీ ‘మిక్స్ వాటా ఎంత శాతం’ అన్న అంకె మారిపోయింది. వారసత్వ శాతం కూడా అంతే. అది ఒక సమాజంలో, ఆ పరిస్థితుల్లో, మనుషుల మధ్య ఉన్న తేడాల గురించిన అంకె. ఒక్క క్యూబును చేతిలో పట్టుకుని ఇందులో సిమెంట్ బలం ఎంత, నీళ్ళ బలం ఎంత అని అడిగితే జవాబు లేదు. ఒక్క మనిషి గురించి అడిగినా అంతే.

జన్యువుకు చట్టం తెలియదు

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసిన విమర్శ ఇది. ఈ అధ్యయనాలన్నీ లెక్కపెట్టింది నేరాలను కాదు, శిక్షలను. ఏది నేరమో రాసేది చట్టం. ఎవరు దొరుకుతారో తేల్చేది పోలీసుల చూపు.

యూఏఈలో ఉన్నవాళ్ళకు తెలుసు, ఖాతాలో డబ్బు లేక చెక్కు బౌన్స్ అయితే ఒకప్పుడు క్రిమినల్ కేసు, జైలు. 2022 జనవరి నుంచి చట్టం మారింది. మోసం ఉద్దేశం లేని మామూలు బౌన్స్ ఇక నేరం కాదు, బాకీ వసూలు వ్యవహారం. 2021 డిసెంబర్లో నేరస్థుడైన మనిషి రక్తం జనవరిలో మారిందా?

పోలీసుల చూపు సంగతికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. జన్యువు అన్న మాట పుట్టకముందే, 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ పెట్టారు. కొన్ని కులాల్లో పుట్టడమే నేరం అన్నట్టు పేర్లు రాసుకుని, హాజరు వేయించి, ఊరు దాటాలంటే పాస్ అడిగేవాళ్ళు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. రాత్రీ పగలూ కాపలా కాసిన చోట కేసులు ఎక్కువే దొరుకుతాయి. ఆ కేసులే చూపించి, చూశారా, పుట్టుకతోనే వస్తుంది అన్నారు. స్వతంత్రం వచ్చాక 1952కల్లా ఆ చట్టం పోయింది. ఆ ఊరి పేరు చెప్పగానే ఎగాదిగా చూసే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

మా రూంలో జరిగింది కూడా అదే. ఎనిమిది మంది ఉంటే, ఒక్కడి పెట్టె మాత్రమే విప్పించారు. మిగతా ఏడు పెట్టెలు ఎవరూ చూడలేదు. ఆ పిల్లగాని పెట్టెలో ఏమీ దొరకలేదు. అయినా అతను నెల తిరక్కుండానే వేరే క్యాంపుకు మార్పించుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ ఇప్పటికీ దొరకలేదు. ఆ సాయంత్రం విప్పిస్తే ఎనిమిదీ విప్పించాల్సింది, లేదంటే ఒక్కటీ విప్పించకూడదు. సూపర్వైజరుగా ఆ మాట చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.