టికెట్టు ఖరీదెంత? విలువెంత?

శుక్రవారం తరగతిలో ఎక్కాలు, గుణింతాలు అయ్యాక పెద్ద పిల్లలతో కాసేపు లెక్కల కబుర్లు చెప్పుకోవడం మా బడిలో అలవాటు. అలాంటి ఒక రోజు పదో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు: "మాస్టారూ, లాటరీ టికెట్టు కొంటే రెండే జరుగుతాయి కదా. తగులుతుంది, లేదా తగలదు. అంటే సగం సగం అవకాశం ఉన్నట్టేగా?" తరగతి అంతా నవ్వింది కానీ, ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదనిపించింది. రెండు ఫలితాలు ఉన్నంత మాత్రాన రెండింటికీ సమానమైన అవకాశం ఉండదు. ఆ అవకాశాలను కొలిచి, వాటి మీద వచ్చే డబ్బును కూడా కలిపి, ఒకే ఒక్క అంకెగా చెప్పే పద్ధతి ఒకటి ఉంది. దాన్నే ఇంగ్లీషులో ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ అంటారు. మేము ఇక్కడ "ఆశించిన విలువ" అందాం.

పాచికతో మొదలుపెడదాం. పాచిక వేస్తే 1 నుంచి 6 దాకా ఏదో ఒకటి పడుతుంది. ఒక్కొక్కదానికీ అవకాశం ఆరింట ఒక వంతు. ఎన్ని చుక్కలు పడితే అన్ని రియాళ్లు ఇస్తామని మేము మీతో అన్నామనుకోండి. ప్రతి ఫలితాన్నీ దాని సంభావ్యతతో గుణించి, వచ్చినవన్నీ కూడాలి. ఒకటిని ఆరో వంతుతో, రెండును ఆరో వంతుతో, అలా ఆరు దాకా గుణించి కూడితే 21ని 6తో భాగించినట్టు అవుతుంది. జవాబు మూడున్నర.

మూడున్నర చుక్కలున్న ముఖం ఏ పాచికకీ ఉండదు. కాబట్టి ఈసారి వేస్తే ఏమి పడుతుందో ఈ అంకె చెప్పదు. వందల సార్లు వేసి, వచ్చిన మొత్తాన్ని వేసిన సార్లతో భాగిస్తే సగటు ఎటు చేరుతుందో చెబుతుంది. ఆటకు మూడు రియాళ్లు రుసుము పెడితే చాలాసార్లు ఆడేవాడు లాభపడతాడు. నాలుగు రియాళ్లు పెడితే ఆడించేవాడు లాభపడతాడు. సూత్రం రూపంలో ఇలా రాస్తారు:

E = x₁p₁ + x₂p₂ + … + xₙpₙ

ఇందులో x అంటే ఫలితం, p అంటే దాని సంభావ్యత. p లన్నీ కూడితే కచ్చితంగా ఒకటి రావాలి. రాకపోతే ఏదో ఫలితాన్ని మరిచిపోయామన్నమాట.

ఇక లాటరీకి వద్దాం. మనం ఉంటున్న సౌదీ అరేబియాలో లాటరీ నిషిద్ధం. అయినా సెలవులకు దుబాయ్ మీదుగా ఊరికి వెళ్ళేవాళ్లందరూ అక్కడి విమానాశ్రయంలో ఒక ప్రకటన చూసే ఉంటారు. దుబాయ్ డ్యూటీ ఫ్రీ వారు 1999లో మొదలుపెట్టిన మిలీనియం మిలియనీర్ అనే డ్రా అది. టికెట్టు ధర వెయ్యి దిర్హాములు. ఒక్కో సిరీస్‌లో టికెట్లు 5000 మాత్రమే. గెలిచినవారికి పది లక్షల అమెరికన్ డాలర్లు. కొనమని కాదు కానీ, ఎన్ని టికెట్లో ముందే చెప్పే డ్రా కాబట్టి లెక్క నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అన్నీ మనకు అలవాటైన రియాళ్లలోకి మారుద్దాం. డాలరుకు 3.75 రియాళ్లు, 3.6725 దిర్హాములు అని ఈ రెండు దేశాలూ మారకం రేటును స్థిరంగా ఉంచాయి. ఆ లెక్కన టికెట్టు సుమారు 1,021 రియాళ్లు, బహుమతి 37,50,000 రియాళ్లు.

గెలిచే సంభావ్యత 5000లో 1. గెలవని సంభావ్యత 5000లో 4999. అంటే మా విద్యార్థి అనుకున్న "సగం సగం"కి ఇది ఆమడ దూరం. ఇప్పుడు గుణించి కూడదాం:

37,50,000 × 1/5000 + 0 × 4999/5000 = 750

టికెట్టు ఆశించిన విలువ 750 రియాళ్లు. చెల్లించేది 1,021. ప్రతి టికెట్టు మీదా సగటున 271 రియాళ్లు పోతున్నాయి. రియాలుకు ఇరవై ఆరున్నర హలాలాలు పైచిలుకు.

ఇక్కడ పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. టికెట్టు ఖరీదును రెండుసార్లు తీసేస్తారు. ఖరీదును చివర్లో తీయవచ్చు, లేదా మొదటే ప్రతి ఫలితంలోనూ తీయవచ్చు. మొదటే తీస్తే గెలిచినవాడి నికర లాభం 37,48,979, గెలవనివాడిది మైనస్ 1,021. వీటిని వాటి సంభావ్యతలతో గుణించి కూడినా అదే మైనస్ 271 వస్తుంది. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగిందని తెలుసుకోవాలి.

ఈ 271 ఎక్కడికి పోతోందో చూడాలంటే, ఒక ధనవంతుడు ఒకే సిరీస్‌లోని 5000 టికెట్లూ తానే కొన్నాడనుకోండి. ఖర్చు 51,05,000 రియాళ్లు. బహుమతి తప్పకుండా అతనిదే. చేతికి వచ్చేది 37,50,000. అదృష్టంతో పని లేకుండానే 13,55,000 నష్టం. దాన్ని 5000తో భాగిస్తే మళ్ళీ 271. అతను ఒక్కడే పోగొట్టుకునేదాన్ని మామూలుగా 5000 మంది పంచుకుంటున్నారు, అంతే.

"పదిమంది స్నేహితులం కలిసి ఒక టికెట్టు కొంటే?" అని అడుగుతారు. తలా 102 రియాళ్ల పది హలాలాలు పడుతుంది. గెలిస్తే తలా 3,75,000. ఆశించిన విలువ తలా 75 రియాళ్లు, నష్టం 27 రియాళ్ల పది హలాలాలు. రియాలుకు పోయేది అంతే ఉంది, పెట్టిన రియాళ్లు తగ్గాయి కాబట్టి నష్టం తగ్గింది.

"విజేతల జాబితాలో మనవాళ్ల పేర్లు ఎన్ని చూడలేదు?" అన్నది ఇంకో మాట. నిజమే, భారతీయుల పేర్లు తరచుగా కనిపిస్తాయి. మనవాళ్లు ఎక్కువ టికెట్లు కొన్నచోట మనవాళ్ల పేర్లు ఎక్కువ రావడం సహజం. దానివల్ల ఏ ఒక్క టికెట్టు అవకాశమూ 5000లో 1 నుంచి పెరగదు. పేపర్లో ఒక విజేత ఫోటో వేస్తారు కానీ, మిగతా 4999 మంది ఫోటోలు వేయరు కదా.

సూత్రంలో కూడిక ఎందుకో సరిగ్గా అర్థం కావాలంటే చాలా బహుమతులున్న లెక్క చేయాలి. ఇది మేము తరగతి కోసం కల్పించుకున్నది. పది రియాళ్ల టికెట్లు వెయ్యి. మొదటి బహుమతి 3,000 రియాళ్లు ఒకరికి, రెండోది 200 రియాళ్లు పదిమందికి, మూడోది 20 రియాళ్లు వందమందికి. మొదటిది 3,000ను వెయ్యో వంతుతో గుణిస్తే 3. రెండోది 200ను వెయ్యిలో పదో భాగాలతో, అంటే 10/1000తో గుణిస్తే 2. మూడోది 20ని 100/1000తో గుణిస్తే 2. మిగిలిన 889 టికెట్లకు సున్నా. మొత్తం 7 రియాళ్లు. పిల్లలు ఇందులో ఒక సంగతి కనిపెట్టారు. పెద్ద అక్షరాలతో కనిపించే మూడు వేలు తెచ్చింది మూడు రియాళ్లే, చిన్న బహుమతులు రెండూ కలిసి నాలుగు తెచ్చాయి.

ఇప్పుడు అసలు మెలిక. ఆశించిన విలువ 750 అంటే మనకు 750 వస్తుందని కాదు. దుబాయ్ డ్రాలో ఒకరు నెలకో టికెట్టు చొప్పున ఇరవై ఏళ్లు కొన్నారనుకుందాం. మొత్తం 240 టికెట్లు, ఖర్చు 2,45,040 రియాళ్లు. ఆశించిన విలువ ప్రకారం 1,80,000 తిరిగి రావాలి. కానీ 240 సార్లూ గెలవకపోయే సంభావ్యత ఎంత? 4999/5000ను 240 సార్లు గుణించుకుంటే సుమారు 0.953. అలా కొన్న వందమందిలో తొంభై అయిదుగురికి ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒక్క హలాలా తిరిగి రాదు. లక్షా ఎనభై వేలు వచ్చేవాడంటూ ఒక్కడూ ఉండడు. సగటు నిజం కావడానికి కావలసినన్ని సార్లు ఒక మనిషి జీవితంలో ఆడలేడు. టికెట్లు అమ్మేవారికి మాత్రం ఆ సగటు ప్రతి సిరీస్‌లోనూ నిజమవుతుంది.

అలాగని ఆశించిన విలువ తక్కువైన ప్రతిదీ తెలివితక్కువ బేరం కాదు. మన కార్ల బీమా చూడండి. సౌదీలో రోడ్డు ప్రమాదంలో ఎవరైనా మరణిస్తే, తప్పు చేసిన డ్రైవరు కట్టవలసిన దియా సొమ్ము 2011లో 3,00,000 రియాళ్ల దాకా పెరిగింది. ఒక డ్రైవరుకు ఏడాదిలో అలాంటి దుర్ఘటన జరిగే అవకాశం రెండు వేలలో ఒకటి అని లెక్క కోసం అనుకుందాం. ఆశించిన నష్టం 150 రియాళ్లు. బీమాకు 600 కట్టారనుకుంటే ఈ ఒక్క లెక్క ప్రకారం 450 ఎక్కువ కట్టినట్టే. అయినా కట్టడమే సరైనది. చట్టం తప్పనిసరి చేసిందన్నది ఒక కారణం. ఆ మూడు లక్షలు ఒక్కసారిగా మీద పడితే ఒక కుటుంబం కోలుకోలేదన్నది అంతకన్నా పెద్ద కారణం.

సగటు ఒక్కటే అన్నిటినీ తేల్చదని డేనియల్ బెర్నౌలీ 1738లోనే రాశాడు. పేదవాడి చేతిలో వెయ్యి రియాళ్లూ, ధనవంతుడి చేతిలో వెయ్యి రియాళ్లూ అంకెలో ఒకటే కానీ విలువలో ఒకటి కావు. బీమాలో కొంచెం నష్టాన్ని ముందే ఒప్పుకుని, భరించలేనిదాన్ని తప్పించుకుంటున్నాం. లాటరీలో కొంచెం కొంచెంగా నష్టపోతూ, దాదాపు ఎప్పటికీ రానిదాని కోసం ఎదురుచూస్తున్నాం.

ప్రశ్న అడిగిన అబ్బాయి ఈ లెక్కంతా బోర్డు మీద తనే చేశాడు. చివర్లో ఫోనులో వచ్చిన ఒక సందేశం చూపించాడు. "మీ నంబరుకు రెండు లక్షల రియాళ్లు తగిలాయి, ముందుగా 500 పంపండి" అని అందులో ఉంది. "దీని ఆశించిన విలువ ఎంతరా?" అని అడిగాం. వాడు ఒక్క క్షణం ఆలోచించి బోర్డు మీద రాశాడు: 2,00,000 × 0 − 500.

ఆ జవాబు మీ పిల్లల చేత కూడా చేయించండి.