గోడకు ఒక ఫైలు, వాట్సాప్‌కు ఇంకో ఫైలు

పెళ్లికి ముందే తాతయ్య కాలం చేశారు. పెళ్లి ఫొటోలో వధూవరుల పక్కన నాయనమ్మ ఒక్కరే నిలబడి ఉన్నారు. బీరువాలో దొరికిన తాతయ్య పాస్‌పోర్టు సైజు ఫొటో ఇచ్చి, ఆమె పక్కన ఆయనా ఉన్నట్టు కలిపి పెట్టమని అడిగేవాళ్లు ఇప్పుడు చాలామంది. ముఖం పాత ఫొటోలోంచి వస్తుంది. పంచె, కండువాతో ఉన్న శరీరం ఇంకో ఫొటోలోంచి తెస్తారు. వెనకాల తెర వేరే. ఇలా ముక్కలు కలిపి చేసిన ఫొటోనే కంపోజిట్ అంటారు. పని పూర్తయ్యాక ఇంట్లోవాళ్లకు రెండు కావాలి: 12×18 అంగుళాల సైజులో ఫ్రేము కట్టించుకునే ప్రింటు ఒకటి, బంధువుల గ్రూపులోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టుకునే బొమ్మ ఇంకొకటి. ఈ రెంటికీ ఒకే ఫైలు ఇచ్చేస్తే ఏదో ఒకటి చెడుతుంది.

ముందు ప్రింటు సంగతి. చేతిలో పట్టుకుని, లేదా గోడ దగ్గర నిలబడి చూసే ఫొటోకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే నిండుగా వస్తుంది. అంటే 18 అంగుళాల వెడల్పుకు 5400 పిక్సెళ్లు, 12 అంగుళాల ఎత్తుకు 3600 కావాలి. కంపోజిట్ పని మొదలుపెట్టేటప్పుడే ఫైలును ఈ కొలతతో తెరవాలి. చిన్న సైజులో చేసి, చివర్లో Image Size లోకి వెళ్లి అంకె పెంచితే ఫైలు బరువెక్కుతుందే తప్ప లేని కనురెప్పలు పుట్టుకురావు. 300 అన్నది ఫైలు మీద రాసుండే ఒక సూచన మాత్రమే. అసలు లెక్క మొత్తం పిక్సెళ్లది.

కంపోజిట్‌లో ఇంకో చిక్కుంది. మొత్తం ఫైలు 5400 పిక్సెళ్లున్నా, అందులో అతుకు వేసిన ముక్క అంత నాణ్యంగా ఉండాలని లేదు. మన ఫొటోలో తాతయ్య ముఖం ప్రింటు మీద ఒకటిన్నర అంగుళం ఎత్తు వస్తుందనుకుందాం. దానికి 450 పిక్సెళ్లు అవసరం. పాస్‌పోర్టు ఫొటోలో ఆ ముఖం సుమారు ఒక అంగుళం ఉంటుంది. దాన్ని స్కానర్‌లో 300 దగ్గర స్కాన్ చేస్తే 300 పిక్సెళ్లే దొరుకుతాయి, చాలవు. 600 దగ్గర స్కాన్ చేస్తే 600 వస్తాయి, సరిపోతాయి. అదే ముఖాన్ని వాట్సాప్‌లో తిరిగిన పాత గ్రూప్ ఫొటోలోంచి కత్తిరిస్తే వంద పిక్సెళ్లు దొరకడమే కష్టం. అప్పుడు పెళ్లికూతురి ముఖం కళకళలాడుతుంటే తాతయ్య ముఖం మైనపు బొమ్మలా నునుపుగా కనిపిస్తుంది. అతుకు అక్కడే బయటపడుతుంది. కాబట్టి ప్రింటు ఎంత పెద్దది చేయించవచ్చో తేల్చేది అందులోని అతి బలహీనమైన ముక్క. స్కాన్ చేసే వీలు లేకపోతే 12×18 బదులు 6×9 అంగుళాల ప్రింటు వేయించుకోవడం మేలు. ముఖం సగానికి తగ్గి, అవే పిక్సెళ్లు దగ్గర దగ్గరగా పడతాయి.

ప్రింటుకు ఏ ఫార్మాట్ ఇవ్వాలన్నది ఎక్కడ వేయిస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. ఫొటో ల్యాబ్‌లో ఫొటో పేపర్ మీద వేయిస్తుంటే సాధారణంగా sRGB రంగుల్లో ఉన్న, ఎక్కువ క్వాలిటీ జేపెగ్ చాలు. కొన్ని ల్యాబులు టిఫ్ కూడా తీసుకుంటాయి. అదే బొమ్మ శుభలేఖ మీదో, పుస్తకంలోనో ఆఫ్‌సెట్ ప్రెస్‌లో అచ్చవుతుంటే నాలుగు సిరాల సీఎంవైకే రంగుల్లోకి మార్చిన టిఫ్ గానీ, పీడీఎఫ్ గానీ అడుగుతారు. ఏ ప్రొఫైల్‌లోకి మార్చాలో ప్రెస్ వాళ్లను అడిగి తెలుసుకోవాలి. ఊరికే సీఎంవైకేలోకి మార్చేసి ఫొటో ల్యాబ్‌కు ఇస్తే పట్టుచీర ఎరుపు దెబ్బతింటుంది.

ఇక ఫోన్ తెర. ఇక్కడ అంగుళాలతో పని లేదు, 300 అన్న అంకెను ఎవరూ చూడరు. మనం ఎంత పెద్ద ఫైలు పంపినా ఆ యాప్ తనకు కావలసినంతకు కుదించుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు వెడల్పు మామూలుగా 1080 పిక్సెళ్లు. మన అడ్డం ఫొటోను అలాగే పెడితే 1080×720కి కుదించుకుపోతుంది. 450 పిక్సెళ్ల ముఖం 90కి పడిపోతుంది. అంత కష్టపడి కలిపిన తాతయ్య పోలిక పట్టలేనంత చిన్నదవుతుంది.

లేయర్లు విడివిడిగా ఉన్న ఫైలు ఇక్కడే అక్కరకొస్తుంది. అసలు ఫైలుకు ఒక నకలు తీసి, నిలువుగా 4:5 కొలతలోకి మార్చి, నలుగురినీ దగ్గరికి జరపవచ్చు. 3600 ఎత్తు 1350కి తగ్గితే ముఖం దాదాపు 170 పిక్సెళ్లు ఉంటుంది. అంటే ముందటికి దాదాపు రెట్టింపు. మామూలు ఫొటోలో అంచులు కోసేయడం తప్ప మార్గం లేదు. కంపోజిట్‌లో మనుషులను జరపగలం.

సైజు తగ్గించాక లేయర్లు కలిపి, Convert to Profile తో sRGB లోకి మార్చి, కొంచెం షార్ప్ చేసి, జేపెగ్‌గా సేవ్ చేయాలి. క్వాలిటీ నూటికి 80-90 మధ్య ఉంచితే మంచిది. జేపెగ్ బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి, కంటికి అంతగా తెలియని వివరాన్ని వదిలేస్తుంది. క్వాలిటీ బాగా తగ్గిస్తే రంగుల వివరాన్ని ఇంకా ఎక్కువ పారేస్తుంది. దాని దెబ్బ ముందు తగిలేది కత్తిరించి అతికిన అంచులకే. తెల్ల కండువా అంచు చుట్టూ మురికి చారలాంటిది కనిపించినా, వెనక తెర మీద వెలుగునీడలు మెట్లుమెట్లుగా విరిగినా కారణం అదే. బొమ్మ మీద పెద్ద అక్షరాలతో పేర్లు, తేదీ ఉంటే పీఎన్‌జీ ఆ అంచులను చెదరనివ్వదు. కానీ అప్‌లోడ్ అయ్యాక యాప్ దాన్ని మళ్లీ జేపెగ్‌గా మార్చేస్తే ఆ లాభం మిగలదు.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుంచించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. ల్యాబ్ వాళ్లకు ప్రింటు ఫైలు పంపేటప్పుడు ఈ తేడా మరవకూడదు. గ్రూపులోకి వచ్చిన ఫొటోనే దించుకుని ప్రింటుకు ఇవ్వడం తరచూ జరిగే పొరపాటు.

పెద్ద ప్రింటు వేయించే ముందు చిన్న పరీక్ష ఒకటి చేయండి. 5400×3600 ఫైలులోంచి తాతయ్య ముఖం, మెడ అతుకు పడేలా 1800×1200 పిక్సెళ్ల ముక్కను కత్తిరించి, సైజు మార్చకుండా 4×6 కాగితం మీద వేయించండి. పెద్ద ప్రింటులో ఆ భాగం ఎంత సైజులో, ఎంత స్పష్టంగా పడుతుందో ఇందులోనూ సరిగ్గా అలాగే పడుతుంది. తేడా ఉంటే చిన్న ప్రింటు ఖర్చుతోనే తెలిసిపోతుంది. తెర కోసం చేసిన ఫైలును ముందు మీకు మీరే పంపుకుని, యాప్‌లోంచి మళ్లీ దించుకుని అంచులు చూసుకోండి.

చివరగా దాచుకోవలసినవి రెండు: లేయర్లున్న పీఎస్‌డీ ఫైలు, పాత ఫొటో స్కాన్. జేపెగ్‌లు ఎప్పుడంటే అప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. రేపు అదే బొమ్మను ఫంక్షన్ హాలు ముందు ఫ్లెక్సీగా వేయించాలన్నా, దూరం నుంచి చూసేది కాబట్టి అంగుళానికి వంద పిక్సెళ్లలోపు ఉన్నా నడుస్తుంది, ఆ పీఎస్‌డీ నుంచే మరో నకలు తీయవచ్చు. లేయర్లు కలిపేసిన జేపెగ్ ఒక్కటే మిగిలితే తాతయ్యను పక్కకు జరపాలన్నా మళ్లీ మొదటి నుంచి కత్తిరించుకు రావాలి. అందుకే స్టూడియోలో పని చేయించుకున్నప్పుడు ప్రింటుతో పాటు పీఎస్‌డీ ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే మాట్లాడుకోండి.