జీవామృతం వీడియో: స్క్రిప్టులోంచి తెర మీది అక్షరాలు ఎలా తీస్తాం

ద్రవ జీవామృతం వీడియో చూసినవాళ్లలో చాలామంది మాటలు వింటూ కూర్చోరు. కొలతలు పడ్డచోట ఆపి ఫోటో తీసుకుంటారు, డ్రమ్ము దగ్గర ఆ ఫోటో చూసే కలుపుతారు. అందుకే తెర మీద ఏం రాయాలన్నది ఎడిటింగ్‌కి కూర్చున్నాక తేల్చను. ముందే స్క్రిప్టు చదివి ఒక కాగితం మీద తీసి పెట్టుకుంటాను. ఇదిగో ఆ స్క్రిప్టులో ఒక ముక్క. రైతు పేరు మాత్రం ఇక్కడ తీసేశాను.

నేను: "ఈ మడి ఫలానా గారిది. మూడేళ్లుగా రసాయనాలు లేకుండా వరి పండిస్తున్నారు. ఊళ్లో మిగతా రైతులకూ నేర్పిస్తున్నారు."

ఆమె: "రెండొందల లీటర్ల నీళ్లలో పది కేజీల నాటావు పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కేజీల బెల్లం, అంతే శనగపిండి, గట్టు మట్టి ఒక గుప్పెడు వేస్తామండి. రెండ్రోజులు నీడలో ఉంచి, రోజూ పొద్దున సాయంత్రం కలుపుతాం. పాలేకర్ గారు చెప్పింది ఇదే. ఒక ఎకరానికి సరిపోద్ది. పోయినేడు ఈ డెబ్భై సెంట్లలో ఇరవై ఒక్క బస్తా అయ్యాయి."

మొదట మనుషుల పేర్లు. ఇందులో రెండు ఉన్నాయి, కానీ లోయర్ థర్డ్, అంటే తెర కింద పడే పేరు పట్టీ, ఒక్కరికే. ఎవరు తెర మీద మాట్లాడతారో వాళ్లకే అది. ఆమె మొదటి మాట అందుకోగానే పడి, నాలుగైదు సెకన్లు ఉండి పోవాలి. పై వరసలో పేరు, కింద వరసలో హోదా, ఊరు. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరమా పూర్తిగానా అన్నది ఆమెనే అడిగి రాసుకుంటాను. తెర మీద పేరు పక్కన "గారు" పెట్టను, అది మాటల్లో ఎటూ ఉంటుంది.

హోదా దగ్గరే చిక్కు. "నేర్పిస్తున్నారు" అన్నది నేను అన్న మాట, అది ఆమె హోదా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ కింద ఐసీఆర్పీలుగా పనిచేసే రైతులున్నారు. ఆమె వాళ్లలో ఒకరైతే "ప్రకృతి వ్యవసాయ ఐసీఆర్పీ" అని రాయొచ్చు. అలా కాక ఇరుగుపొరుగుకి చెబుతున్నారంతే అయితే "వరి రైతు" అని రాయడమే న్యాయం. స్క్రిప్టులో లేని హోదాని పట్టీలో పుట్టించకూడదు. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది.

పాలేకర్ గారు మాటలో వచ్చారంతే, కనిపించరు. కాబట్టి పట్టీ ఉండదు. ఆయన ఫోటో వేస్తే మాత్రం దాని కింద "సుభాష్ పాలేకర్" అని, కింది వరసలో "పద్మశ్రీ గ్రహీత, 2016" అని రాస్తాను. చాలామంది "పద్మశ్రీ సుభాష్ పాలేకర్" అని ముందు తగిలిస్తారు. పద్మ పురస్కారాల్ని పేరుకి ముందూ వెనకా బిరుదులా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

టైటిల్ కార్డుకి ఈ ముక్కలోంచి తీసేది ఒక్కటే: "ద్రవ జీవామృతం: ఒక ఎకరానికి". "ఒక ఎకరానికి" అన్నది ఆమె చివర్లో అన్నారు. కార్డు ముందు పడుతుంది కాబట్టి ఆ మాటని పైకి తెచ్చుకోవాలి. అది లేకపోతే కింద వచ్చే కొలతలన్నీ గాల్లో ఉంటాయి.

ఇక కొలతల క్యాప్షన్. చెవికి సరిపోయిన మాట కంటికి సరిపోదు. "అంతే శనగపిండి" అన్నది వింటే అర్థమవుతుంది. ఫోటోలో చూసినవాడికి "అంతే" అంటే ఎంత? అక్కడ 2 కిలోలు అని అంకె వేయాలి. "రెండ్రోజులు" అన్నదాన్ని 48 గంటలు అని రాస్తాను, సాయంత్రం కలిపినవాళ్లకి లెక్క తేలిగ్గా ఉంటుంది. అన్నీ ఒకే క్యాప్షన్లో కూరితే ఫోన్లో చదవలేరు కాబట్టి రెండుగా విరుస్తాను:

నీరు 200 లీటర్లు, నాటావు పేడ 10 కిలోలు, మూత్రం 10 లీటర్లు

బెల్లం 2 కిలోలు, శనగపిండి 2 కిలోలు, గట్టు మట్టి గుప్పెడు

తర్వాత విడిగా: "48 గంటలు నీడలో, రోజుకు 2 సార్లు కలపాలి".

దిగుబడి అంకెని ఇలా వదిలేయలేం. కొలతలు ఎవరైనా కలిపి చూసుకోవచ్చు, దిగుబడి ఆమె చెప్పిన మాట. పైగా 21 బస్తాలు అన్నది 70 సెంట్లలో. సెంట్లు వదిలేసి "21 బస్తాలు" అని వేస్తే జనం ఎకరానికనుకుంటారు. అలాగని 30 బస్తాలు అని ఎకరానికి లెక్కగట్టి వేస్తే, ఆమె అనని మాట ఆమె నోట పెట్టినట్టు. బస్తా కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, తెలంగాణలో క్వింటాళ్లలో మాట్లాడతారు. ఆమె బస్తా బరువు అడిగి తెలుసుకున్నాకే ఇలా రాశాను:

రైతు మాట: 70 సెంట్లలో 21 బస్తాలు (బస్తా 75 కిలోలు)

"పోయినేడు" అన్నది క్యాప్షన్లోకి అలాగే రానివ్వకండి. వీడియో రెండేళ్ల తర్వాత చూసేవాడికి అది వేరే సంవత్సరం అవుతుంది. సంవత్సరం, ఖరీఫా రబీయా అడిగి వేయాలి.

ఈ వరసలన్నీ కాగితం మీద అయ్యాక ఆమెకి వాట్సాప్‌లో పంపి, చదివించి, సరే అన్నాకే ఎడిటింగ్‌కి ఇస్తాను. తెర మీద ఎక్కాక ఒకటే చూసుకోవాలి: పట్టీ రంగు కింద ఒత్తులు తెగుతున్నాయేమో. "గుప్పెడు"లో పకారం ఒత్తు తెగితే వరసల మధ్య ఖాళీ పెంచాలి.