ఆరంగుళాల మట్టిలో ఆకుకూరలు

మిద్దె మీద ఆకుకూరలు వేయాలనుకునేవాళ్లు ముందుగా పెద్ద పెద్ద కుండీల కోసం వెతుకుతారు. వాటి అవసరం లేదు. పాలకూర, తోటకూర, చుక్కకూరకు ఆరంగుళాల మట్టి చాలు. మెంతి, కొత్తిమీర అయితే నాలుగంగుళాల్లోనూ చక్కగా వస్తాయి. ఏళ్ల తరబడి నిలబెట్టుకోవాలనుకునే గోంగూరకు, పందిరెక్కే తీగ బచ్చలికి మాత్రం లోతు కావాలి, వాటిని ట్రేల్లో పెట్టకపోవడమే మంచిది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఆరంగుళాల లోతు ఉన్న ప్లాస్టిక్ ట్రే ఒకటి తీసుకుందాం. చేపల దుకాణంలో పారేసే థర్మకోల్ పెట్టె దొరికినా సరే, సబ్బు నీళ్లతో కడిగి ఎండబెడితే అది ఇంకా మంచిది. తేలిగ్గా ఉంటుంది, ఎండాకాలంలో వేర్లకు వేడి తగలనివ్వదు.

ఇంత తక్కువ లోతులో పంట నిలిచేదీ పోయేదీ నీళ్ల దగ్గరే. ఎండ కాస్తే పైమట్టి పూటలో ఆరిపోతుంది, అదే సమయంలో అడుగున నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతుంటాయి. అడుగున చిల్లులున్నా నీళ్లెందుకు నిలుస్తాయో తెలియాలంటే వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజిని తీసుకోండి. బాగా తడిపి అడ్డంగా, పడుకోబెట్టినట్టు పట్టుకుంటే కాసేపు కారి ఆగిపోతుంది. ఇక కారదనుకున్నాక దాన్ని నిలువుగా తిప్పితే మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, ఎత్తు మాత్రమే మారింది. ట్రేలో మట్టి కూడా ఇంతే. చిల్లులెన్ని పెట్టినా అడుగున అంగుళం నుంచి రెండంగుళాల మేర మట్టి నీళ్లను వదలకుండా పట్టుకునే ఉంటుంది. అడుగు లోతు కుండీలో ఈ తడి పొర లెక్కలోకి రాదు. ఆరంగుళాల ట్రేలో మాత్రం మట్టిలో దాదాపు మూడోవంతును అదే తినేస్తుంది. అక్కడ గాలి ఆడదు కాబట్టి వేరు దిగదు, దిగినా నిలవదు.

అందుకే నీళ్లు దిగాలని అడుగున గులకరాళ్లో కంకరో పరిచే అలవాటు ట్రేల్లో మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. రాళ్ల మీద మట్టి ఎక్కడ మొదలవుతుందో తడి పొరా అక్కడే మొదలవుతుంది. రెండంగుళాల రాళ్లు పోస్తే వేరుకు మిగిలేది పైన రెండు మూడంగుళాలే. చిల్లుల మీద పాత దోమతెర ముక్కో కొబ్బరి పీచో వేస్తే సరిపోతుంది. చిల్లులు పెన్సిల్ దూరేంత ఉండి, నాలుగైదు అంగుళాలకొకటి పడాలి. ట్రేని గచ్చు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద ఎత్తి పెట్టండి. ఒక పక్క ఇటుక కింద ఓ పెంకు ముక్క పెట్టి, ట్రే కాస్త వాలేట్టు చూసుకోండి. జడివాన కురిసిన రోజు ఆ పక్కన ఇంకో సగం ఇటుక జరిపి అరగంట వదిలేస్తే, అడుగున పట్టి ఉన్న నీళ్లు సన్నని ధారగా కారడం కంటితో చూడొచ్చు.

ఉత్త ఎర్రమట్టి ట్రేలకు పనికిరాదు. రెండు మూడు తడుపులకే బిగుసుకుపోయి, పైన పెచ్చు కట్టి మొలకను పైకి రానివ్వదు. ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపి, ట్రేకు రెండు గుప్పెళ్లు వేపపిండి వేస్తే చాలు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోయడం రెండుసార్లయినా చేయాలి. పై అంచుకు అంగుళం కిందివరకు నింపితే ఈ ట్రేలో ముప్పై అయిదు లీటర్ల దాకా మట్టి పడుతుంది, తడిశాక నలభై కిలోల పైనే తూగుతుంది.

ఈ బరువు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ట్రే పరుచుకునే చోటును బట్టి చూస్తే అది చదరపు మీటరుకు నూట యాభై కిలోల చొప్పున పడుతుంది. జనం ఎక్కి తిరిగే డాబాకు మన దేశ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకోమనే అదనపు బరువూ చదరపు మీటరుకు 150 కిలోలే. అంటే సందు లేకుండా డాబా అంతా ట్రేలు పరిస్తే, మనుషులు నడవకముందే ఆ పరిమితి నిండిపోతుంది. కింద గోడలూ దూలాలూ ఉన్నచోట వరసగా పెట్టుకుని, నడుమ ఖాళీ వదలాలి. డాబా పాతదైతే ఇంజనీరుకు చూపించాకే మట్టి పైకెక్కించండి.

ఇక విత్తనం. మన పాలకూర బీట్‌రూట్ కుటుంబానిది, చలిదేశాల స్పినాచ్ వేరే మొక్క. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన ఆల్ గ్రీన్ రకం మన దగ్గర బాగా వస్తుంది. గరుకుగా, కోణాలు తేలి ఉండే పాలకూర గింజను అరచేతిలో వేసుకుని చూడండి. అది ఒక్క గింజ కాదు, రెండు మూడు గింజలు ఎండి అతుక్కున్న గుత్తి. ఒక్కటి వేస్తే ఒకేచోట రెండు మూడు మొలకలు లేచేది అందుకే. పై తోలు గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టాలి. అక్టోబరు రెండో వారంలో వేస్తున్నామనుకుందాం. ట్రే పొడవునా మూడున్నర అంగుళాల ఎడంతో అయిదు వరసలు గీసి, రెండంగుళాలకో గింజ చొప్పున అరంగుళం లోతున వేస్తే అరవై గింజలు పడతాయి. వారంలో మొలుస్తాయి. రెండాకులు వచ్చాక గుత్తికి ఒక్క మొక్కను ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. కత్తిరించిన లేత మొక్కలు పప్పులోకి పోతాయి.

తోటకూర గింజ ఆవగింజ కన్నా చిన్నది, నల్లగా మెరుస్తుంది. చేత్తో చల్లితే ఒకేచోట కుప్ప పడుతుంది. పావు చెంచా గింజల్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చల్లాలి. పైన కనీకనపడని పొరగా కంపోస్టు జల్లితే చాలు, లోతుగా పడితే మొలవదు. మూడు నాలుగు రోజుల్లో ఎర్రటి మొలకలు కనిపించాలి. కనిపించకపోతే విత్తనాన్ని తిట్టుకోకముందు చీమల్ని చూడండి, ఈ గింజల్ని అవి బారులు తీరి మోసుకుపోతాయి. మొలిచేదాకా తడి గోనెపట్టా కప్పి ఉంచితే చీమల బెడదా తగ్గుతుంది, తడీ నిలుస్తుంది. మొదటి మొలక కనిపించిన పూటే పట్టా తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగుతాయి. కోసినకొద్దీ చిగురించే తోటకూర కావాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క సుగుణ అడగండి.

మొదటి పదిహేను రోజుల్లోనే ఎక్కువ ట్రేలు పాడవుతాయి. పొద్దున్నే చూస్తే గుప్పెడు మొలకలు ఒకే చోట పక్కకు వాలి ఉంటాయి. వాడిపోయాయని ఇంకో చెంబు నీళ్లు పోస్తాం, మర్నాటికి ఆ మచ్చ ఇంకా పెరుగుతుంది. ఒక మొలకను తీసి కాడ మట్టిని తాకేచోట చూడండి. అక్కడ నీరుపట్టినట్టుగా మెత్తబడి దారంలా సన్నబడి ఉంటే అది నారుకుళ్లు. ఎండకు వాడిన మొలక కాడ గట్టిగానే ఉంటుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. నారుకుళ్లు వచ్చిన మొలక తిరిగి లేవదు. ఆ చోట మొలకల్ని మట్టితో సహా చెంచాతో తీసేసి, ఒత్తుగా ఉన్నవాటిని పలచన చేసి, ఒకటి రెండు రోజులు నీళ్లు తగ్గించాలి. మట్టి కలిపేటప్పుడే కంపోస్టులో ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి వారం మగ్గనిస్తే ఈ బాధ చాలావరకు రాదు.

మొక్క నిలదొక్కుకున్నాక చలికాలంలో ఈ ట్రేకు రోజుకో లీటరు సరిపోతుంది, ఏప్రిల్లో రెండు లీటర్లు దాటుతుంది. అయితే కొలత కన్నా ట్రే మూలను కాస్త ఎత్తి చూడటం నమ్మకమైన పద్ధతి. తడిసిన రోజు బరువెంతో చేతికి అలవాటైతే, ఆరిన ట్రే ఇట్టే తెలిసిపోతుంది. ఒకసారి పూర్తిగా ఎండిన మట్టి నీళ్లను వెంటనే పీల్చుకోదు. పోసిన నీళ్లన్నీ మట్టికీ ట్రే గోడకీ మధ్య సందులోంచి జారి కింద కారిపోతాయి. కింద తడి చూసి తడిసిందనుకుంటాం గానీ లోపల వేరు ఎండుతూనే ఉంటుంది. అలాంటప్పుడు పావుగంటకోసారి కొంచెం కొంచెంగా మూడు నాలుగు విడతలు పోయాలి. నీళ్లు పొద్దున్నే, మొదళ్లలో పోయాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే పాలకూర మీద ఎర్ర అంచున్న గుండ్రటి మచ్చలు, తోటకూర ఆకు వెనక తెల్లటి బొబ్బలు వస్తాయి. ఆ ఆకుల్ని వెంటనే తుంచి ట్రేకు దూరంగా పారేయాలి. ఆకులు ఒకదానికొకటి అతుక్కుని గూడులా కనిపిస్తే విప్పి చూడండి, లోపల సన్నటి ఆకుపచ్చ పురుగు ఉంటుంది. ఒకటి రెండు ట్రేలకు చేత్తో ఏరేస్తే చాలు.

అక్టోబరులో వేసిన పాలకూర నవంబరు మధ్యకు జానెడు ఎత్తు పెరిగి కోతకు వస్తుంది. మొదలుకు రెండంగుళాల పైన, నడిమి లేత చిగురు తెగకుండా బయటి ఆకులు కోయాలి. ఆ చిగురే తర్వాతి పంట. తోటకూరను పాతిక ముప్పై రోజులకు వేళ్లతో సహా పీకినా సరే, కింద రెండు మూడు కణుపులు వదిలి కోసినా సరే. కణుపుల దగ్గర పక్క కొమ్మలు చిగురిస్తాయి. మెంతికి ఇంత లేదు, మూడు వారాలకు పీకేసి మళ్లీ వేసుకోవడమే.

కోతకోతకూ ట్రేలో సారం తగ్గుతుంది. కింది ఆకులు పసుపుబారి, కొత్త ఆకు చిన్నగా వస్తుంటే మట్టిలో నత్రజని అయిపోయిందని అర్థం. కోసిన మర్నాడు ట్రేకు రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేసి, వారం తర్వాత వేరుశనగ చెక్కను మూడు రోజులు నానబెట్టిన నీళ్లకు పదింతల నీళ్లు కలిపి పోస్తే, పదిహేను ఇరవై రోజులకు మళ్లీ కోత వస్తుంది. ఫిబ్రవరి దాకా ఇలా నాలుగైదు కోతలు తీయొచ్చు.

మార్చిలో పగలు పెరిగి ఎండ ముదిరాక పాలకూర నడుమ నుంచి నిటారుగా ఒక కాడ లేస్తుంది. ఆకులు చిన్నవై చేదెక్కుతాయి. తుంచినా మళ్లీ లేస్తుంది, యాభై శాతం షేడ్‌నెట్ కడితే రెండు వారాలు వెనక్కి జరుగుతుందేమో గానీ ఆగదు. అప్పుడిక పాలకూరను వదిలేయాలి. ట్రే బోర్లించి, వేళ్ల చిక్కును దులిపి, మట్టిని గచ్చు మీద పలచగా పరిచి వారం ఎండబెట్టండి. మూడోవంతు కొత్త కంపోస్టు కలిపి మళ్లీ నింపి తోటకూర చల్లండి. వేడికి అది వెనకాడదు, నీళ్లు తప్పకపోతే నెల తిరక్కుండానే కోతకు వస్తుంది.