గెయిన్ పెంచితే బ్యాండ్‌విడ్త్ ఎందుకు తగ్గుతుంది?

నాన్-ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్‌లో సిగ్నల్ ఆప్-ఆంప్ ప్లస్ పిన్నుకు వెళ్తుంది. అవుట్‌పుట్‌లో కొంత భాగం రెండు రెసిస్టర్ల మీదుగా మైనస్ పిన్నుకు తిరిగి వస్తుంది. 99 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్ పెట్టుకుంటే అవుట్‌పుట్‌లో నూరో వంతు వెనక్కి వస్తుంది. ఆప్-ఆంప్ చేసే పని ఒక్కటే: రెండు పిన్నుల మధ్య ఉన్న తేడాను తన గెయిన్‌తో హెచ్చించి అవుట్‌పుట్‌కు పంపడం. ఆ గెయిన్ చాలా ఎక్కువైతే పిన్నుల మధ్య తేడా దాదాపు సున్నాకు చేరుతుంది. అంటే వెనక్కి వచ్చిన నూరో వంతు సరిగ్గా ఇన్‌పుట్‌తో సమానమవుతుంది. స్టేజి గెయిన్ 100 అని చెప్పే G = 1 + Rf/Rg సూత్రం అలా పుట్టిందే. అందులో ఆప్-ఆంప్ ఊసే లేదు, రెండు రెసిస్టర్లే ఉన్నాయి. అయితే ఆ సూత్రం నిలబడాలంటే ఆప్-ఆంప్‌కు సొంత గెయిన్ పుష్కలంగా ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంది.

1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ విడుదల చేసిన 741 ఐసీని తీసుకుంటే, డీసీ దగ్గర దాని సొంత గెయిన్ సుమారు 2 లక్షలు. ఈ గెయిన్ 5 హెర్ట్జ్ దగ్గరే తగ్గడం మొదలవుతుంది. ఆపైన ఫ్రీక్వెన్సీ పది రెట్లు పెరిగిన ప్రతిసారీ గెయిన్ పదో వంతుకు పడిపోతుంది. 100 హెర్ట్జ్ దగ్గర 10 వేలు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 1000, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 100, చివరకు 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటే మిగులుతుంది. ఈ వాలులో ఎక్కడైనా ఫ్రీక్వెన్సీని గెయిన్‌తో గుణిస్తే వచ్చేది సుమారు 1 మెగాహెర్ట్జే. డేటాషీటులో గెయిన్-బ్యాండ్‌విడ్త్ ప్రోడక్ట్ అని కనిపించే అంకె ఇదే.

ఈ వాలు కావాలని పెట్టిందే. ఐసీ లోపల ఉన్న 30 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ దీనికి కారణం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ లోపలి ట్రాన్సిస్టర్లలో సిగ్నల్ ఆలస్యమవుతూ వస్తుంది. ఆ ఆలస్యం ఒక హద్దు దాటితే, తిరిగివచ్చే భాగం సిగ్నల్‌ను అదుపు చేయడం మాని దానికే తోడై నిలుస్తుంది. అప్పుడు ఇన్‌పుట్ ఏమీ లేకపోయినా సర్క్యూటు తనంతట తానే ఆసిలేట్ అవుతుంది. ఆ స్థితి రాకముందే గెయిన్‌ను ఒకటి కంటే కిందికి దించేయడమే కెపాసిటర్ పని. 741 కంటే ముందు వచ్చిన ఎల్‌ఎం 101కు ఈ కెపాసిటర్‌ను వాడేవాళ్లే బయట కలుపుకోవాల్సి వచ్చేది. 741లో అది లోపలికి చేరడంతో వాడకం తేలికైంది, వేగానికి మాత్రం హద్దు పడింది.

ఇప్పుడు ఈ ఐసీతోనే గెయిన్ 100 ఉన్న మైకు ప్రీయాంప్లిఫయర్ కట్టి, 10 మిల్లీవోల్టుల సిగ్నల్ ఇచ్చామనుకుందాం. అవుట్‌పుట్‌లో 1 వోల్టు రావాలి. 100 హెర్ట్జ్ దగ్గర సొంత గెయిన్ 10 వేలు కాబట్టి ఆ 1 వోల్టు పుట్టడానికి పిన్నుల మధ్య 0.1 మిల్లీవోల్టు తేడా చాలు. 10 మిల్లీవోల్టుల ముందు అది లెక్కలోకి రాదు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 1 మిల్లీవోల్టు తేడా కావాలి. 10 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి సొంత గెయిన్ 100కు పడిపోయింది. అంటే 1 వోల్టు అవుట్‌పుట్‌కు 10 మిల్లీవోల్టుల తేడా కావాలి. ఇన్‌పుట్‌లో ఉన్నదే అంత. తేడాకు కొంత, వెనక్కి వచ్చే భాగానికి సరిజోడుగా కొంత పంచుకుంటే తప్ప ఇన్‌పుట్ సరిపోదు.

ఆ పంపకం సగం సగం కాదు. కెపాసిటర్ వల్ల అవుట్‌పుట్, పిన్నుల మధ్య తేడా కంటే 90 డిగ్రీలు వెనకబడి ఉంటుంది. కాబట్టి ఆ రెండు భాగాలూ మామూలుగా కూడవు, లంబకోణ త్రిభుజంలోని రెండు భుజాల్లా కూడతాయి. వెనక్కి వచ్చేది 7.07, తేడా 7.07 మిల్లీవోల్టులైతే కర్ణం సరిగ్గా 10 అవుతుంది. అవుట్‌పుట్ 0.707 వోల్టు దగ్గర నిలుస్తుంది. మూడు డెసిబెల్స్ తగ్గుదల అని ఇంజినీర్లు అనేది దీన్నే, స్టేజి బ్యాండ్‌విడ్త్‌కు హద్దుగా గీసేదీ ఇక్కడే. గెయిన్-బ్యాండ్‌విడ్త్ ప్రోడక్ట్‌ను స్టేజి గెయిన్‌తో భాగిస్తే ఆ హద్దు వస్తుంది: 1 మెగాహెర్ట్జ్‌ను 100తో భాగిస్తే 10 కిలోహెర్ట్జ్. 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇదే స్టేజి గెయిన్ 45కు పడిపోతుంది.

రెసిస్టర్ మార్చి గెయిన్ పెంచితే పోయింది తిరిగి వస్తుందనిపించడం సహజం. అలా రాదు. స్టేజిని 1000 గెయిన్‌కు మార్చినా 20 కిలోహెర్ట్జ్ దగ్గర దొరికేది 50కి లోపే, ఎందుకంటే అక్కడ ఆప్-ఆంప్‌కున్న సొంత గెయినే అంత. కింది ఫ్రీక్వెన్సీలు మాత్రం ఎన్నో రెట్లు పెరిగి, మాటలోని పదునైన శబ్దాలు మరింత మరుగున పడతాయి.

పైగా హద్దు దాకా గెయిన్ సమంగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. తగ్గుదల ఒక శాతం మించకూడదంటే ఆ హద్దులో ఏడో వంతు దాకానే నమ్మాలి. 10 కిలోహెర్ట్జ్ స్టేజికి అది సుమారు 1.4 కిలోహెర్ట్జ్. అదే నాణ్యత 20 కిలోహెర్ట్జ్ దాకా కావాలంటే 741తో స్టేజి గెయిన్ ఏడుకు మించకూడదు. మిగులు గెయిన్ తరిగేకొద్దీ ఫీడ్‌బ్యాక్‌కు వక్రీకరణను సరిదిద్దే శక్తి కూడా తరుగుతుంది. అంతేకాదు, కింది ఫ్రీక్వెన్సీల్లో గెయిన్‌ను రెసిస్టర్లు నిర్ణయిస్తే పైన ఐసీయే నిర్ణయిస్తుంది. అది ఐసీ నుంచి ఐసీకి, ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. అందుకే డేటాషీటులోని సగటు అంకె మీద హద్దుకు ఆనించి డిజైన్ చేయడం మంచిది కాదు.

దీనికి చక్కని పరిష్కారం పనిని రెండు స్టేజిలకు పంచడం. ఒక్కో స్టేజికి గెయిన్ 10 చొప్పున పెడితే ఒక్కోదాని హద్దు 100 కిలోహెర్ట్జ్ అవుతుంది. రెండింటి తగ్గుదలా కలిసినా మొత్తం హద్దు 64 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ 45కు బదులు 96 వస్తుంది. ఒక్క స్టేజితోనే సరిపెట్టాలంటే 10 మెగాహెర్ట్జ్‌ల ఎన్‌ఈ 5532 లాంటి ఐసీ వాడొచ్చు. అప్పుడు 20 కిలోహెర్ట్జ్ దగ్గర 98 వస్తుంది.

అయితే పై ఫ్రీక్వెన్సీల్లో అవుట్‌పుట్ తగ్గిన ప్రతిసారీ కారణం ఇదే కానక్కర్లేదు. అవుట్‌పుట్ మారగల వేగానికీ ఒక పరిమితి ఉంది, దాన్ని స్ల్యూ రేట్ అంటారు. 741కు అది మైక్రోసెకనుకు సుమారు అర వోల్టు, అంటే 20 కిలోహెర్ట్జ్ దగ్గర శిఖరం 4 వోల్టులు దాటలేదు. రెండింటినీ ఆసిలోస్కోప్ మీద విడదీసి చూడొచ్చు. ఇన్‌పుట్‌ను సగం చేసినప్పుడు అవుట్‌పుట్ కూడా సగమై, తరంగం సైన్ ఆకారంలోనే ఉంటే అడ్డుపడుతున్నది గెయిన్-బ్యాండ్‌విడ్త్ ప్రోడక్ట్. తరంగం త్రిభుజాకారంలోకి మారి, ఇన్‌పుట్ తగ్గించగానే మళ్లీ సైన్ ఆకారానికి వస్తే అది స్ల్యూ రేట్. ఆ రెండో సందర్భంలో స్టేజిలు విడదీసినా లాభం లేదు, ఎందుకంటే చివరి స్టేజి ఎలాగూ అంతే వోల్టేజీని అంతే వేగంతో ఇవ్వాలి.