కడిగినా పోని కంపు

ఊరెళ్లి వచ్చేసరికి కరెంటు పోయి ఫ్రీజర్లో రొయ్యలు కుళ్లాయి. లోపలంతా కడిగినా మర్నాటికి మళ్లీ అదే కంపు! కరిగిన నీచునీరు వెనకగోడ అడుగున ఉండే చిన్న రంధ్రం గుండా దిగి, కంప్రెసర్ మీది ట్రేలో చేరుతుంది. ఆ వేడికి కంపు ఇంకా లేస్తుంది.

ప్లగ్ తీసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో 2 పెద్ద చెంచాల వంటసోడా కలపండి. ఆ రంధ్రంలో కొద్దిగా పోసి, తర్వాత ట్రేని సబ్బుతో కడగండి. ఊడిరాని ట్రే అయితే గుడ్డతో అద్ది తీయడమే, విసుగు పని. తలుపు రబ్బరు మడతల్ని అదే నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పొడిగా తుడవండి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఒక రోజు తలుపు తెరిచే ఉంచండి. అప్పటికీ వాసన వస్తుంటే నీచునీరు గోడలోని ఇన్సులేషన్‌లోకి ఇంకి ఉండొచ్చు. అది కడిగితే పోదు.